వైవాలో అసలు ప్రశ్న: ‘తగ్గిందంటున్నారు, దేంతో పోల్చి?’

కార్మిక సంఘాల సభ్యత్వం తగ్గుదల మీద థీసిస్ సబ్మిట్ చేసి వైవా కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ముందు స్లైడ్ల మీద పడతారు. ముందు చూడాల్సింది అడ్జుడికేటర్ల రిపోర్టులు. ‘వైవాలో వివరణ ఇవ్వాలి’ అని వాళ్లు రాసిన ప్రతి వాక్యమూ రాబోయే ప్రశ్నే. ఆ తర్వాత మీ థీసిస్‌లో ‘తగ్గింది’ అన్న మాట ఎక్కడెక్కడ వాడారో వెతికి, ఒక్కోచోటా పక్కన రాసుకోండి: తగ్గింది తలల లెక్కా, శాతమా? శాతమైతే హారంలో ఎవరున్నారు?

చాలామంది ఇక్కడే దొరికిపోతారు. విశాఖలో స్టీల్ ప్లాంట్, పోర్టు, షిప్‌యార్డ్ లాంటి చోట్ల పర్మినెంట్ కార్మికులతో పాటు కాంట్రాక్టు కార్మికులూ ఉంటారు కాబట్టి హారం మారితే జవాబే తిరగబడుతుంది. ఒక ఊహా ప్లాంటు లెక్క వేసి చూడండి. మొదట్లో 1000 మంది పర్మినెంట్, 600 మంది కాంట్రాక్టు. సంఘంలో 900 మంది, అందరూ పర్మినెంటే. కొన్నేళ్లకు పర్మినెంట్ 600కు దిగి, కాంట్రాక్టు 1000కి చేరింది. ఇప్పుడు సంఘంలో 540 మంది పర్మినెంట్, 60 మంది కాంట్రాక్టు, మొత్తం 600.

సభ్యుల సంఖ్య మూడో వంతు పడిపోయింది. మొత్తం కార్మికుల్లో సంఘం వాటా 56.25 శాతం నుంచి 37.5 శాతానికి దిగింది. కానీ పర్మినెంట్ వాళ్లలో అప్పుడూ 90 శాతమే, ఇప్పుడూ 90 శాతమే. కాంట్రాక్టు వాళ్లలో సున్నా నుంచి 6 శాతానికి పెరిగింది కూడా. పాత 1000–600 కూర్పే కొనసాగి ఉంటే ఇప్పటి రేట్లతో సంఘంలో 936 మంది, అంటే 58.5 శాతం ఉండేవారు. కాబట్టి ఈ ప్లాంటులో కార్మికులు సంఘం మీద నమ్మకం పోయి బయటికి రాలేదు. సంఘం ఉన్న కొలువులు తగ్గి, సంఘం లేని కొలువులు పెరిగాయి. మీ థీసిస్ ‘యువతరానికి సంఘాల మీద ఆసక్తి తగ్గింది’ అని తేలిస్తే, మీ సొంత డేటాతో ఈ లెక్క చేసిపెట్టుకోకుండా హాల్లోకి వెళ్లొద్దు. ఎక్స్‌టర్నల్ కాగితం తీసి మీ ముందే వేస్తారు.

రెండో ప్రశ్న దేశం లెక్కల మీద వస్తుంది. కేంద్ర కార్మిక సంఘాల వెరిఫైడ్ సభ్యత్వం 1989 నాటికి సుమారు 1.23 కోట్లు, 2002 నాటికి సుమారు 2.48 కోట్లు. ‘రెట్టింపయితే తగ్గిందంటారేంటి?’ అంటారు. కంగారు పడక్కర్లేదు. అది తలల లెక్క, శాతం కాదు. అందులో వ్యవసాయ, అసంఘటిత రంగాల సభ్యులూ ఉన్నారు. మీ అధ్యయనం ఫ్యాక్టరీ గేటు లోపలిది. ఆ హద్దు మొదటి అధ్యాయంలో ఏ పేజీలో ఉందో చెప్పగలగాలి. లేకపోతే వాదించకుండా దిద్దుబాట్లలో చేరుస్తాననడమే మేలు. లేబర్ బ్యూరో పట్టికలు వాడినవాళ్లకు ఇంకో చిక్కుంది. సభ్యుల సంఖ్య వార్షిక రిటర్న్‌లు పంపిన సంఘాలదే. ఒక ఏడాది తక్కువ సంఘాలు పంపితే సభ్యత్వం తగ్గినట్టే కనిపిస్తుంది. ఎన్ని సంఘాలు పంపాయన్న కాలమ్‌ను మీ గ్రాఫ్ కిందే పెట్టండి.

శాంపిల్ గురించి అడిగినప్పుడు నిజాయితీగా ఒప్పుకోవడమే దారి. యూనియన్ ఆఫీసు ఇచ్చిన జాబితాతో సర్వే చేస్తే, సంఘం వదిలేసినవాళ్లూ వీఆర్‌ఎస్ తీసుకుని వెళ్లిపోయినవాళ్లూ అందులో ఉండరు. ఎందుకు వదిలేశారన్న ప్రశ్నకు వదలని వాళ్ల దగ్గర జవాబు అడిగినట్టవుతుంది. గాజువాకలో టీ కొట్టు దగ్గర పది మందితో మాట్లాడి ఆ లోటు పూడ్చేశామనడం మరీ ప్రమాదం. ఆ మాటలు అంచనాకు పనికొస్తాయి, శాతాలకు కాదు.

చివరగా విశాఖలో తప్పకుండా వచ్చే ప్రశ్న: ‘2021 నుంచి ఉక్కు ప్రైవేటీకరణ మీద అంత ఉద్యమం జరిగింది కదా, సంఘాలు బలహీనపడ్డాయని ఎలా అంటారు?’ సభ్యత్వం, జనాన్ని కదిలించే శక్తి, బేరమాడే శక్తి వేర్వేరు అని చెప్పండి. ఫ్రాన్స్‌లో సంఘ సభ్యులు పదిమందిలో ఒకరి చుట్టుపక్కలే అయినా, ఉమ్మడి ఒప్పందాల కిందకి పదిలో తొమ్మిది మందికి పైగా వస్తారు. మీరు కొలిచింది మొదటిదాన్ని మాత్రమే అనండి. ‘బలహీనపడ్డాయి’ అన్న మాట థీసిస్‌లో ఉంటే ఆ పేజీకి రంగు చీటీ అంటించి, దాన్ని ‘సభ్యత్వ శాతం తగ్గింది’గా మార్చిన వాక్యం పక్కనే రాసి తీసుకెళ్లండి.