బోర్డు మీద నాలుగు ఖాళీలు

ఇంగ్లండ్‌లోని ఒక చిన్న ఊళ్లో, వృద్ధుల కేర్ హోమ్‌లో పని చేస్తున్నాను. వారం వారం షిఫ్టుల పట్టిక వేసే బాధ్యత కూడా నాదే. సిబ్బంది గదిలో ఒక తెల్ల బోర్డు ఉంది. ఎన్ని ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయో దాని కింది మూలలో రాస్తాను. చాలా నెలలుగా అక్కడ ‘నాలుగు’ అన్న మాట మారలేదు.

2025 మార్చి చివరి వారం. ఏప్రిల్ 1 నుంచి గంటకు కనీస వేతనం 11.44 పౌండ్ల నుంచి 12.21కి పెరుగుతుందని అందరూ మాట్లాడుకుంటున్నారు. విరామ సమయంలో నేను మాట కలిపి, "ఇలా పెంచుకుంటూ పోతే చివరికి మన ఉద్యోగాలకే ఎసరు వస్తుంది" అన్నాను. ఇరవై రెండేళ్లుగా అక్కడే పని చేస్తున్న పెద్దావిడ ఒకరు నా వైపు తిరిగారు.

"ఆ బోర్డు మీద నాలుగు ఖాళీలని రాసింది నువ్వే. ఈ జీతానికి మనుషులు రావడం లేదని ప్రతి సోమవారం చెప్పేదీ నువ్వే. మరి జీతం పెరిగితే ఉద్యోగాలు పోతాయని ఎలా అంటున్నావు? ముందు నువ్వు రాసింది నువ్వు చదువుకో."

అందరి ముందూ అన్నారు. నాకు చాలా కష్టమనిపించింది. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగినవారు, నచ్చకపోతే రేపే ఇంకో చోటికి వెళ్లగలరు, అందుకే అంత ధైర్యం అనుకున్నాను. నేను డిగ్రీలో అర్థశాస్త్రం చదివాను. ధర పెరిగితే గిరాకీ తగ్గుతుందన్నది మొదటి పాఠం, శ్రమకైనా అంతే. పైగా ఉద్యోగం ఇచ్చినవారి విషయంలో మన దగ్గర ఎలా ఉంటామో మీకు చెప్పనక్కరలేదు. జీతం ఎందుకింత తక్కువ అని అడగడం కన్నా, ఇంత ఇస్తున్నారని తలచుకోవడమే మనకు అలవాటు.

కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నేను చదివిన పాఠమే నిజమైతే, మార్కెట్లో నడుస్తున్న జీతానికి యజమానికి ఎంతమంది కావాలంటే అంతమంది దొరకాలి. ఖాళీలు నెలల తరబడి ఉండకూడదు. అవి ఉన్నాయి. ఆ రాత్రి షిఫ్టు అయ్యాక కాగితం తీసుకుని కూర్చున్నాను.

ఆ కాగితం మీద వేసుకున్న అంకెలు మా హోమ్‌వి కావు, లెక్క తేలిగ్గా ఉండాలని ఎంచుకున్నవి. ఒక ఊళ్లో ఒకే హోమ్ ఉందనుకుందాం. గంటకు 10 పౌండ్లిస్తే ఇరవై మంది వస్తారు. ఇంకొకరు కావాలంటే 10.20 ఇవ్వాలి, ఆ తర్వాతి మనిషికి 10.40. మరీ దూరాన ఉన్నవారిని, ఇంట్లో చిన్న పిల్లలున్నవారిని, వేరే పనిలో కుదురుకున్నవారిని కదిలించాలంటే అంత పెంచుతూ పోవాలి. ఇక హోమ్ వైపు చూస్తే, ఇరవయ్యో మనిషి పని వల్ల గంటకు 14 పౌండ్ల రాబడి ఉంది. ఇరవై ఒకటో మనిషి వల్ల 13.80. ఇలా ఒక్కొక్కరికీ 20 పెన్నీలు తగ్గుతూ వస్తుంది.

10.20కి వచ్చే మనిషి 13.80 సంపాదించి పెడతాడు. అయినా యజమాని అతన్ని తీసుకోడు. ఎందుకంటే కొత్తగా వచ్చినవాడికి 10.20 ఇచ్చి, పక్కనే అదే పని చేస్తున్న పాతవాళ్లకు 10 ఇవ్వడం కుదరదు. ఇరవై మందికీ 20 పెన్నీల చొప్పున పెంచాలి, అది 4 పౌండ్లు. అంటే ఆ ఒక్క మనిషికి అసలు ఖర్చు 14.20. వచ్చేది 13.80. అందుకే ఇరవై దగ్గరే ఆగిపోతాడు. ‘10 పౌండ్లకు వచ్చేవారుంటే ఇంకా తీసుకుంటాం’ అన్న ప్రకటన మాత్రం తలుపు మీద ఉంటుంది. అది అబద్ధం కాదు. ఆ జీతానికి వస్తే ఆయన నిజంగానే తీసుకుంటాడు. మా బోర్డు మీది నాలుగు ఖాళీలు ఈ రకంవే.

శ్రమను కొనేవారు ఒక్కరే ఉన్నా, కొద్దిమందే ఉన్నా వచ్చే ఈ స్థితికి మోనాప్సనీ అని పేరు. ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లో ఆ మాటను వాడుకలోకి తెచ్చారు. ఊళ్లో నిజంగా ఒకే యజమాని ఉండనక్కరలేదు. ఉన్న పనిని వదిలి మరో చోటికి మారడం కష్టమైతే చాలు, ఎదురుగా పది హోమ్‌లున్నా ప్రతి యజమానికీ కొంత ఈ బలం ఉంటుంది.

ఇప్పుడు ప్రభుత్వం 11 పౌండ్ల కన్నా తక్కువ ఇవ్వకూడదని చట్టం చేసిందనుకుందాం. ఉన్న ఇరవై మందికీ 11 ఎలాగూ ఇవ్వాలి. ఇరవై ఒకటో మనిషిని తీసుకున్నా మిగతావారికి కొత్తగా పెంచాల్సింది లేదు, ఆ మనిషి ఖర్చు అచ్చంగా 11 పౌండ్లే. అతని వల్ల వచ్చేది 13.80 కాబట్టి తీసుకుంటాడు. 11కి రాగలిగినవారు ఇరవై అయిదుగురు, అందరినీ తీసుకుంటాడు. కనీస వేతనం 12 అయితే ముప్పై మంది. జీతం పెరిగింది, ఉద్యోగాలూ పెరిగాయి. ఈ లెక్కను మూడుసార్లు వేసుకున్నాను, నమ్మబుద్ధి కాక.

అయితే ఆ పెరుగుదల 12తో ఆగిపోతుంది. 13 చేస్తే ఇరవై అయిదో మనిషి దగ్గరే రాబడి 13కి దిగుతుంది, కాబట్టి ఆ తర్వాత ఎవరినీ తీసుకోరు. 14 అయితే మళ్లీ ఇరవై మందే, 15 అయితే పదిహేను మందే. 12కి ఇవతల ఉన్నామో అవతల ఉన్నామో చెప్పే గుర్తు ఒకటుంది. ఇవతల ఉంటే తలుపు మీద ఖాళీల ప్రకటన ఉంటుంది. అవతల ఉంటే తలుపు ముందు దరఖాస్తుదారుల వరుస ఉంటుంది. 13 పౌండ్లకు ముప్పై అయిదుగురు వస్తారు, ఇరవై అయిదుగురికే పని. పెద్దావిడ బోర్డును చూపించింది సరిగ్గా ఈ గుర్తు కోసమే. ఆవిడ ఏ లెక్కా వేయలేదు.

యజమానికి ఇందులో నష్టం ఉంది, అది దాచకూడదు. 10 పౌండ్లకు ఇరవై మందితో నడిపితే జీతాలు పోను గంటకు 118 పౌండ్లు మిగులుతాయి. 11కి ఇరవై అయిదుగురితో 110. 12కి ముప్పై మందితో 87. భవనం అద్దె, అప్పుల వడ్డీ కలిపి గంటకు 100 పౌండ్లయితే, 12 దగ్గర ముప్పై ఉద్యోగాలు రావు, హోమ్ మూతపడుతుంది. ఇది ఊహకే పరిమితమైన భయం కాదు. బ్రిటన్‌లో 1999 ఏప్రిల్‌లో కనీస వేతనం మొదట 3.60 పౌండ్లుగా వచ్చినప్పుడు కేర్ హోమ్‌లను పరిశీలించినవారికి జీతాలు బాగా పెరిగినట్టు, సిబ్బంది సంఖ్య, పని గంటలు కొంత తగ్గినట్టు కనిపించింది. వృద్ధుల్లో చాలామంది ఖర్చును స్థానిక కౌన్సిళ్లే భరిస్తాయి, అవి ఇచ్చే రేటును యజమాని తనంతట తాను పెంచలేడు. నేను పని చేసే రంగం గురించే ఇలా తేలింది కాబట్టి పెద్దావిడ మాట ప్రతి చోటా ప్రతి అంకెకూ చెల్లుతుందని నేననను.

మరో వైపు అమెరికాలోని న్యూజెర్సీ ఉంది. 1992 ఏప్రిల్‌లో అక్కడ కనీస వేతనం 4.25 డాలర్ల నుంచి 5.05కి పెరిగింది, పక్కనున్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, ఆలన్ క్రూగర్ రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందు, తర్వాత అడిగి చూశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదు, పెన్సిల్వేనియాతో పోలిస్తే కాస్త పెరిగాయి. ఫోన్లో అడిగి సేకరించిన అంకెలను నమ్మలేమని, జీతాల రికార్డులు వేరే సంగతి చెబుతున్నాయని కొందరు గట్టిగా వాదించారు. ఆ తర్వాత ప్రభుత్వ రికార్డులతో మళ్లీ చూసినప్పుడు పెద్దగా మార్పు లేదని తేలింది. నా పాఠ్యపుస్తకం చెప్పినంత నష్టం మాత్రం కనిపించలేదు.

లెక్కలో నన్ను చాలాసేపు ఆపిన చోటు ఒకటుంది. చట్టం ఊరందరికీ ఒకేసారి వర్తిస్తే పక్క హోమ్ నుంచి మనిషి ఎందుకు వస్తాడు? అక్కడా అంతే పెరిగింది కదా. రాడు. అందరి జీతాలూ కలిసి పెరిగినప్పుడు కొత్త మనుషులు వచ్చేది ఇళ్లలో ఉండిపోయినవారిలోంచి, ఈ పనే వద్దని వదిలేయబోయి ఆగినవారిలోంచి. ఒక్క హోమ్ పెంచితే వచ్చేంతమంది రారు. కాబట్టి ఇరవై నుంచి ముప్పైకి దూకడం కాగితం మీద తేలికే గానీ, నిజంలో ఆ పెరుగుదల చిన్నదిగానే ఉంటుంది.

తర్వాత నన్ను నేను ఆ కాగితం మీద వెతుక్కున్నాను. ఆ లెక్క ప్రకారం మొదటి మనిషి 6.20కే వచ్చేవాడు. నేను ఆ మొదటివాళ్లలో ఉన్నాను. నా వీసా ఈ యజమాని స్పాన్సర్‌షిప్ మీద ఉంది. అది పోతే ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులు ఇస్తారు, లేదంటే దేశం వదలాలి. పక్క హోమ్‌లో పౌండు ఎక్కువిచ్చినా నేను కదలలేను. ఆ సంగతి యజమానికి తెలుసు. పెద్దావిడకు ఏ జీతానికైనా వెళ్లిపోయే దారి ఉంది, నాకు లేదు. అంటే కనీస వేతనం అవసరం ఆవిడకన్నా నాకే ఎక్కువ. దానికి అడ్డు మాట్లాడింది మాత్రం నేను.

గల్ఫ్‌లో పని చేసినవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. యూఏఈలో 2011 జనవరి నుంచి, ఒప్పందం ముగిశాక పాత యజమాని నుంచి ఎన్‌ఓసీ లేకుండానే వేరే చోట చేరే వీలు కల్పించారు. దాని ఫలితాన్ని జీతాల రికార్డులతో పరిశీలించినప్పుడు అప్పటికే అక్కడ ఉన్న కార్మికుల సంపాదన పెరిగింది, ఒప్పందం ముగియగానే దేశం వదిలి వెళ్లిపోయేవారు తగ్గారు. చాలామంది పాత యజమాని దగ్గరే ఎక్కువ జీతానికి ఉండిపోయారు. తలుపు తెరిచి ఉంటే చాలు, బయటికి వెళ్లనక్కరలేదు. అక్కడ ఇంతకన్నా తక్కువ ఇవ్వకూడదని జీతానికి కింద నేల వేయలేదు, కదిలే దారి ఇచ్చారు. కదిలే దారి లేని నాలాంటివారికి ప్రస్తుతానికి ఉన్నది ఆ నేల ఒక్కటే.

రెండు రోజుల తర్వాత ఆ కాగితం పెద్దావిడకు చూపించాను. అద్దాలు పెట్టుకుని వరుసగా చదివారు. ఇరవై ఒకటో మనిషి దగ్గర వేలు ఆపి అడిగారు.

"ఈ 14.20లో అతనికి వెళ్లేది 10.20. మిగతా 4 పౌండ్లు ఎవరివి?"

"మన ఇరవై మందివి. తలకు 20 పెన్నీలు" అన్నాను.

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "ఇది నా దగ్గర ఉండనీ" అని, మందుల బండి తోసుకుంటూ పై అంతస్తుకు వెళ్లారు. నేను బోర్డు దగ్గరికి వెళ్లి వచ్చే వారం పట్టిక రాయడం మొదలుపెట్టాను.