బీరువా అద్దంలో ఇద్దరు

మా కర్నూలు ఇంట్లో బీరువా తలుపు అద్దానికి నిలువునా ఒక పగులు ఉంది. పగిలిన అద్దంలో మొహం చూసుకోకూడదని అందరూ అంటారు, కానీ బీరువా కొత్తది కొనే పరిస్థితి లేక అలాగే వాడుకుంటున్నాం. పగులుకు అటూ ఇటూ ఉన్న ముక్కలు కొంచెం వంకరగా కూర్చున్నాయి. అందుకని సరిగ్గా మధ్యలో నిలబడితే నాకు నేను ఇద్దరుగా కనిపిస్తాను.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మంచంలో ఉన్న మా అత్త నీళ్లు అడిగింది. ఇచ్చి వచ్చాను, మళ్లీ అడిగింది. మూడోసారి గట్టిగా అరిచేశాను. అరుస్తూ తల తిప్పేసరికి అద్దం ఎదురైంది. ఒక ముక్కలో నోరు తెరుచుకుని అరుస్తున్న మొహం, ఇంకో ముక్కలో దాన్ని చూసి బెదిరిపోయిన కళ్లు. రెండూ నావే. ఆ సాయంత్రం దీపం పెట్టి స్తోత్రాల పుస్తకం తెరిస్తే హస్తామలక స్తోత్రం వచ్చింది. చిన్నప్పటి నుంచి చదువుతున్నదే, కానీ అందులో అద్దం ఉందన్న సంగతి ఆ రోజే మనసుకు ఎక్కింది.

కథ చాలామందికి తెలిసిందే. శ్రీబలి అనే అగ్రహారంలో ప్రభాకరుడనే ఆయన, మాటా పలుకూ లేని కొడుకును తెచ్చి శంకరాచార్యుల కాళ్ల దగ్గర పడుకోబెట్టాడు. శంకరులు ‘కస్త్వం శిశో’, నువ్వెవరు బాబూ అని అడిగారు. మూగవాడనుకున్న పిల్లవాడు శ్లోకాల్లో జవాబు చెప్పాడు. నేను మనిషిని కాను, దేవుణ్ణీ యక్షుణ్ణీ కాను, ఏ కులమూ కాను, ఏ ఆశ్రమమూ కాను అని మొదలుపెట్టాడు. అరచేతిలో ఉసిరికాయంత స్పష్టంగా ఆత్మ తెలిసినవాడని హస్తామలకుడనే పేరు వచ్చింది. నన్ను ఆపింది మాత్రం ఈ శ్లోకం:

ముఖాభాసకో దర్పణే దృశ్యమానో
ముఖత్వాత్ పృథక్త్వేన నైవాస్తి వస్తు
చిదాభాసకో ధీషు జీవోఽపి తద్వత్
స నిత్యోపలబ్ధిస్వరూపోఽహమాత్మా

అద్దంలో కనిపించే మొహం, మొహాన్ని విడిచి వేరే వస్తువు కాదు. అలాగే బుద్ధుల్లో కనిపించే చైతన్యపు నీడే జీవుడు. ఎప్పుడూ ఎరుకగా ఉండే ఆ ఆత్మనే నేను. ‘ధీషు’ అన్నది బహువచనం. అద్దాలు ఎన్నో, మొహం ఒక్కటే. తర్వాతి శ్లోకం ఇంకో అడుగు వేస్తుంది: అద్దం తీసేస్తే నీడ పోతుంది, మొహం మాత్రం ఉంటుంది.

‘నీడ’ అని రాశాను గానీ, మన తెలుగులో ఆ మాట రెండు పనులు చేస్తుంది. చెట్టు కిందిదీ నీడే, అద్దంలోదీ నీడే. ఈ శ్లోకానికి ఆ తేడా ముఖ్యం. చెట్టు నీడ వెలుగు ఆగిపోయిన చోట పడుతుంది, అందులో కళ్లూ ముక్కూ ఉండవు. అద్దంలో నీడ వెలుగు చేరిన చోట పుడుతుంది. హస్తామలకుడు జీవుణ్ణి రెండో రకం నీడ అంటున్నాడు. నాలో తెలుస్తున్న ఈ తెలివి చీకటి ముక్క కాదు, అసలు వెలుగే వచ్చి తగులుతున్నది. మొదటి రకం నీడ కోసం ఆయన వేరే శ్లోకంలో మబ్బును తెచ్చాడు. కంటికి మబ్బు అడ్డం వస్తే, తెలివిలేనివాడు సూర్యుడే వెలుగు పోగొట్టుకున్నాడు అనుకుంటాడట.

ఇక్కడే నాకు భయం వేసింది. అరిచింది బుద్ధి, నేను శుద్ధమైన ఆత్మను అని చెప్పుకుని లేచి వెళ్లిపోవచ్చు కదా? ఆ శ్లోకం అంత సులువుగా తప్పించుకోనిస్తుందా?

జవాబు బీరువా అద్దమే చూపించింది. రాత్రి తీసిన స్టిక్కర్ బొట్టును అద్దానికే అంటించడం నాకు అలవాటు. దాని ముందు నిలబడితే ఆ బొట్టు ఒక్కోసారి నా చెంప మీద ఉన్నట్టు కనిపిస్తుంది. నేను పక్కకు జరిగితే నా నీడ జరుగుతుంది, బొట్టు జరగదు. అంటే అది అద్దానిది, నాది కాదు. అదే నా చెంపకు మసి అంటి ఉంటే, నేను ఎటు జరిగినా నీడతో పాటు మసీ వస్తుంది. కోపం ఏ రకం మచ్చ? నిద్రలో బుద్ధి అణిగినప్పుడు కోపం లేదు, నేను మాత్రం ఉన్నాను. కాబట్టి అది అద్దానికి అంటిన మచ్చే, శ్లోకం చెప్పింది నిజమే. కానీ అద్దం మీది మచ్చను ఎవరు తుడవాలి? అద్దం తనను తాను తుడుచుకోదు. ‘అది నాది కాదు’ అనే మాట తుడిచే చేతికి ధైర్యం ఇవ్వాలి. చేతిని వెనక్కి లాక్కోవడానికి వాడుకుంటే శ్లోకాన్ని తలకిందులుగా చదివినట్టే.

ఇంకో సంగతి. స్తోత్రమంతా ‘నేను, నేను’ అంటూ నడిచి, చివరి శ్లోకంలో ఒక్కసారిగా ‘నీవు’ అంటుంది. నీళ్లలో చందమామ నీడలు కదిలినట్టు, ఇక్కడ కనిపించే కదలిక కూడా నీదే, విష్ణూ: ‘తథా చంచలత్వం తవాపీహ విష్ణో’. తుంగభద్ర ఒడ్డున పున్నమి రాత్రి నిలబడితే ఈ మాట కళ్లకు కడుతుంది. నది పారే చోట చందమామ నూరు ముక్కలు, రాళ్ల మధ్య నిలిచిన మడుగులో ఒక్కటి. పైన ఉన్నది పగల్లేదు. మంత్రాలయం సంప్రదాయంలో చదువుకున్నవారు దీన్ని ఒప్పుకోరు. వాళ్లకు జీవుడు శ్రీహరికి ప్రతిబింబమే గానీ, ఎప్పటికీ వేరే. సూర్యుడి వల్ల కలిగిన ఇంద్రధనుస్సు లాంటివాడు. ఆ చర్చ తేల్చే చదువు నాకు లేదు. కానీ ‘నేనే’ అన్న పిల్లవాడు చివరికి చేతులు జోడించి ‘నీదే’ అనడం నాకు కళ్లనీళ్లు తెప్పించింది.

ఆ చేతులు జోడించాక చేయాల్సిన పని, మా అహోబిలం స్వామి ముందు నిలబడిన ప్రహ్లాదుడి నోట భాగవతంలో ఉంది. భగవంతుడికి చేసిన పూజ చేసినవాడికే చేరుతుంది, ‘ప్రతిముఖస్య యథా ముఖశ్రీః’, మొహానికి చేసిన అలంకారం అద్దంలోని మొహానికి చేరినట్టు. అద్దంలో బొట్టు కనబడాలంటే అద్దానికి పెడితే లాభం లేదు, నుదుటికే పెట్టాలి. నేను ఇన్నాళ్లూ అద్దానికే అంటిస్తున్నాను.

మర్నాడు పొద్దున అత్తకు మొహం తుడిచి, కుంకుమ తీసుకుని ఆమె నుదుట పెట్టాను. నిన్న అరిచాను అత్తా, తప్పయింది అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి అద్దం చూపించమంది. మంచం మీద నుంచే కనబడేలా బీరువా తలుపును మెల్లగా తిప్పాను.

“ఇద్దరు కనపడతాండారే అమ్మీ.”

“ఇద్దరికీ బొట్టు ఉందా అత్తా?”

ఆమె చాలాసేపు చూసింది. “ఉంది” అంది.