మినియాపొలిస్‌లో వినాయకుడి పత్రి

మాది తెనాలి దగ్గర పౌరోహిత్యం. మా ఊరి పిల్లలు చాలామంది అమెరికాలో ఉండటంతో చవితి పూజ వీడియో కాల్‌లో చేయించడం అలవాటైపోయింది. మంత్రాలతో పేచీ లేదు. పేచీ అంతా ఇరవై ఒక్క పత్రాల దగ్గరే.

మినియాపొలిస్‌లో ఉన్న ఒకమ్మాయి వ్రతకల్పం పుస్తకంలోని పేర్లన్నీ కాగితం మీద రాసుకుని ఫోన్ చేసింది. "పంతులుగారూ, మాచీ, బృహతీ మొదలుకొని అర్క పత్రం దాకా ఇక్కడ ఏదీ లేదండీ. అత్తయ్యగారు వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెమ్మననా?" అంది.

వద్దన్నాను. పచ్చి ఆకులు ఎయిర్‌పోర్టులో చెప్పకుండా తెస్తే జరిమానా పడుతుంది, చెబితే చాలావరకు తీసేసుకుంటారు. ఈ పత్రిలో ఉండే మారేడు కూడా నిమ్మ, నారింజల కుటుంబానిదే. ఆ తోటలకు తెగులు తెచ్చే పురుగు వీటి ఆకులమీద వస్తుందని వాళ్ల భయం. అది న్యాయమైన భయమే.

ముందు దొరికేవి చూద్దామన్నాను. తులసి వాళ్లింట్లో కుండీలోనే ఉంది. మామిడాకులు ఇండియన్ స్టోర్‌లో ఉంటాయి. మరువం మాత్రం ఆమె ఊహించని చోట దొరికింది. అమెరికన్ కిరాణాలో వంట ఆకుల దగ్గర మార్జొరమ్ పేరుతో అమ్మేది అదే మొక్క. పొడి సీసా కాకుండా పచ్చి రెమ్మలు కొనమన్నాను.

ఇక గరిక. వినాయకుడికి నేను పట్టుబట్టేది ఇదొక్కటే. "మా లాన్‌లో బోలెడంత గడ్డి ఉందండీ" అంటే, ఒక మొక్క పీకి కెమెరాకు చూపించమన్నాను. గరిక నేలమీద తీగలా పాకుతుంది, కణుపు కణుపుకీ వేరు దింపుతుంది. ఆమె చూపించింది నిలువుగా, పొదలా లేచిన చలిదేశపు గడ్డి, పాకే తీగే లేదు. పైగా లాన్ అంచున చిన్న జెండా గుచ్చి ఉంది, కలుపుమందు కొట్టినప్పుడు పెట్టేది. అది గరికే అయినా కోయనిచ్చేవాణ్ని కాదు. డాలస్‌లో ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు, అక్కడి లాన్లలో చాలావాటిలో ఉండేది గరికే, బెర్ముడా గ్రాస్ అంటారు. ఆ విత్తనాలే తెప్పించుకుని వెడల్పాటి కుండీలో మట్టి మీద పలచగా చల్లి, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టమన్నాను. వెచ్చగా ఉంటే రెండు మూడు వారాల్లో మొలుస్తుంది, చల్లగా ఉంటే మొండికేస్తుంది. పూజకు గుప్పెడు చాలు. మంత్రంలో ఉన్నది "దూర్వాయుగ్మం" కనుక రెండేసి పరకలు వేస్తే సరిపోతుంది.

మిగిలినవాటికి ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. అక్కడ రోడ్డు పక్కన మిల్క్‌వీడ్ అనే మొక్క ఉందట, తుంచితే పాలు కారతాయట, అర్క పత్రమంటే జిల్లేడే కదా, దానికి బదులు పనికొస్తుందా అని. జిల్లేడుకు చుట్టమే, కానీ జిల్లేడు కాదు. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం, ఇంట్లో మూడేళ్ల పిల్లాడున్నాడు. ఉమ్మెత్త, గన్నేరు కూడా విషమే కనుక ఎక్కడో దొరికాయని తేవద్దన్నాను.

నా పద్ధతి ఏమిటంటే, కనిపించిన ఆకు ఏదో వేసి "అర్కపత్రం పూజయామి" అనిపించను. నామం పూర్తిగా చదివి, ఆకు లేనిచోట "అర్కపత్రార్థం అక్షతాన్ సమర్పయామి" అని అక్షతలు వేయిస్తాను. వస్త్రానికీ ఆభరణానికీ మనం ఎప్పటినుంచో చేసేది ఇదేగా! విరగని బియ్యం ఏరి, పసుపు, నాలుగు చుక్కల నెయ్యి కలిపితే చాలు. ఇరవై ఒక్క నామాలూ వినబడ్డాయి, ఏదీ వదల్లేదని ఆమెకూ తృప్తి.

విగ్రహం దగ్గర మరో చిక్కు. ఆమె కొన్న రంగుల మట్టి డబ్బా మీద ఓవెన్‌లో కాల్చాలని ఉంది. అది మట్టి కాదు, ప్లాస్టిక్, ఎన్నాళ్లున్నా కరగదు. కుమ్మరి పని నేర్పేచోట దొరికే మామూలు బంకమట్టి తెమ్మన్నాను. ఎండిన ముక్క గ్లాసు నీళ్లలో వేస్తే పొరలు పొరలుగా విడిపోవాలి. అది కూడా దొరక్కపోతే, పూజ మొదట్లో ఎలాగూ చేసే పసుపు గణపతినే కాస్త పెద్దగా చేసి తమలపాకులో బియ్యం మీద కూర్చోబెడితే సరి. నిమజ్జనం చెరువులో కాదు, బకెట్లో. ఆ నీళ్లు మొక్కలకు పోసేయవచ్చు.

ఇప్పుడు ఆషాఢం రాగానే అటువైపు చలిరాష్ట్రాల ఇళ్లన్నిటికీ ముందుగా ఒక్క మాటే పంపుతాను: "గరిక గింజలు చల్లారా అమ్మా?"