చెవి ఎర్రబడిన బ్యానర్

రేపు మావాడి పుట్టినరోజు. ఆరడుగుల బై నాలుగడుగుల ఫ్లెక్సీ, అందులో రాత్రి మంట ముందు నిలబడ్డ హీరో పోస్టర్, హీరో ముఖం ఉండాల్సిన చోట వీడి ముఖం. గంటలో అయిపోతుందని మధ్యాహ్నం ఫోన్‌లో గట్టిగా చెప్పేశాను, రాత్రి ఎనిమిదయ్యేదాకా పని తెమల్లేదు.

మొదట వాడి అన్న పెళ్లిలో వాడు దిగిన ఫొటో తీసుకున్నా. నవ్వు బాగుంది, ముఖం పెద్దగా ఉంది, ఇంకేం కావాలి అనుకుని పెన్ టూల్‌తో కత్తిరించి అతికించి, రంగు కలవాలని పైన ఒక నారింజ పొర వేశాను. పెళ్లికొడుక్కి పసుపు రాసినట్టుంది. రంగు తగ్గించినా, పెంచినా అతికించిన ముఖం అతికించినట్టే కనిపిస్తోంది. అప్పుడు ముక్కు నీడ చూశాను. అసలు ఏ ముఖం అతికించినా ముందు చూడాల్సింది ముక్కు నీడే, ఇన్ని బ్యానర్లు చేశాక కూడా నాకు ఆ బుద్ధి ఆఖర్నే వస్తుంది. పోస్టర్‌లో మంట వెనకాల కుడివైపు ఉంది. అందుకని కుడి చెంప అంచు, చెవి మాత్రమే నారింజగా మెరుస్తున్నాయి, ముందు భాగమంతా నీలంగా, చీకటిగా ఉంది. పెళ్లి ఫొటోలో వీడియో లైటు ఎదురుగా, కొంచెం ఎడమనుంచి పడింది. వెలుతురు దిశ తప్పితే ఏ రంగూ దాన్ని కప్పలేదు. ఫొటోని అద్దంలో చూసినట్టు తిప్పేద్దామా అంటే వాడి ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది, అది అటు మారితే వాళ్లమ్మ క్షణంలో పట్టేస్తుంది.

ఇక లాభం లేదని చీకటి పడగానే వాణ్ణి మా మేడ మీదికి పిలిచాను. నీళ్ల ట్యాంకు దగ్గర నిలబెట్టి, వెనకాల కుడివైపు రెండడుగుల దూరంలో పసుపు వెలుగిచ్చే బల్బు ఒకటి, ముందు ఎడమవైపు తెల్లటి స్క్రీన్ పెట్టిన వాడి ఫోను, అంతే లైటింగ్. నా ఫోన్ కెమెరాలో ప్రో మోడ్‌కి వెళ్లి వైట్ బ్యాలెన్స్ 4000 దగ్గర ఆపితే బల్బు నారింజగానూ ఫోన్ వెలుగు నీలంగానూ వచ్చాయి, అంటే సగం రంగు పని అక్కడే అయిపోయింది. పోస్టర్ కిందనుంచి పైకి చూస్తూ తీసింది కాబట్టి ఫోన్ ఛాతీ ఎత్తులో పట్టుకుని, ఆరడుగులు వెనక్కి జరిగి జూమ్ చేశాను. దగ్గరగా వెళ్లి తీస్తే ముక్కు బూరెలా ఉబ్బుతుంది. వాడేమో నవ్వు ఆపడు. హీరో అక్కడ పళ్లు కొరుకుతున్నాడ్రా అంటే ఇంకా నవ్వుతాడు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాక ముందు రంగు జోలికి పోలేదు. అన్నిటి పైన ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ పెట్టి, ముఖానికి మాత్రమే క్లిప్ చేసిన కర్వ్స్‌తో వెలుతురూ చీకటీ హీరో మెడతో కలిసేదాకా సరిచేశాను. ఆ లేయర్ తీసేస్తే తేడా ఎక్కడుందో తెలిసిపోయింది: వాడి గడ్డం కింద నీడ బొగ్గులా నల్లగా ఉంది, పోస్టర్‌లో ఎంత చీకటి చోటైనా కొంచెం నీలం ఉంది. కర్వ్స్‌లో నీలం ఛానల్‌కి వెళ్లి ఎడమ కింది చుక్కని రవ్వంత పైకి లేపగానే ముఖం పోస్టర్‌లోకి దిగిపోయింది. మెడ అతుకు మీద నీడ బ్రష్‌తో వేశాను, నలుపుతో కాదు, పోస్టర్ చీకట్లోంచే తీసుకున్న రంగుతో. ఆఖర్న ముఖం మరీ నున్నగా ఉందనిపించి, పోస్టర్‌లో ఉన్నలాంటి గరుకు రావడానికి రెండు శాతం నాయిస్ కలిపాను.

ఫైలు 5184 బై 3456 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 72. పది అడుగుల దూరంనుంచి చూసే ఫ్లెక్సీకి అది చాలు. కానీ షాపులో అన్న చూడగానే "తమ్ముడూ, ఇంత చీకటి ఫ్లెక్సీ మీద ఆగదు, ముద్దైపోద్ది" అన్నాడు. నిజమే, స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, ఫ్లెక్సీ వెలగదు కదా. రోల్ అంచున మిగిలిన ముక్క మీద ముఖం వరకే వేసి చూపించాడు. కళ్లు గుంటల్లా ఉన్నాయి. అక్కడే నిలబడి మధ్య టోన్లు బాగా పైకి లేపాను, స్క్రీన్ మీద వెలిసిపోయినట్టు కనిపించింది, ప్రింట్‌లో మాత్రం సరిగ్గా కుదిరింది.

ఇంటికి తెచ్చి హాల్లో పరిచాం. వాళ్లమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగి చాలాసేపు చూసింది. పుట్టుమచ్చ జోలికి పోలేదు, మెడ జోలికీ పోలేదు.

"బాగానే ఉంది గానీ నాన్నా, వీడి చెవి ఎవరు మెలిపెట్టారు, అంత ఎర్రగా ఉంది?"