స్పానిష్ సాధన, ఆరో వారం: ఇల్లు వెతుకుతూ నేర్చుకున్న సబ్‌జంక్టివ్

ఐదు వారాలుగా క్రియారూపాల పట్టికలు వల్లె వేసినా పట్టుబడని, ఇంకా ఖాయం కాని సంగతులకు ఎక్కువగా వాడే క్రియారూపమైన సబ్‌జంక్టివ్, ఈ వారం మాడ్రిడ్‌లో అద్దె ఇల్లు వెతుకుతుండగా ఒక్క వాక్యంతో అర్థమైంది. లిఫ్టు ఉన్న ఇల్లు కావాలని చెప్పబోయి, ఇళ్లు చూపించే ఆవిడతో "బుస్కో ఉన్ పీసో కె తియేనె అస్థెన్సోర్" అన్నాను. ఆవిడ వెంటనే "ఎన్ కే కాయె ఎస్తా?" అని, అంటే అది ఏ వీధిలో ఉందని అడిగారు. "తియేనె" అన్నందువల్ల, ఫలానా ఇల్లు నాకు ముందే తెలుసని, దానికోసమే వచ్చానని ఆవిడ అనుకున్నారు. నేను అనవలసింది దాని సబ్‌జంక్టివ్ రూపం "తెంగా". అప్పుడు, అలాంటి ఇల్లు ఏదైనా సరే, అసలు ఉందో లేదో కూడా నాకు తెలియదని అర్థం వస్తుంది. తెలుగులో "లిఫ్టు ఉన్న ఇల్లు" అనే మాట రెండింటికీ సరిపోతుంది కాబట్టే మనకు ఈ తేడా తట్టదు.

ఆ రోజు నుంచి రోజూ ఇరవై నిమిషాలు ప్రశ్న, జవాబు జంటలుగా రాసుకుంటున్నాను. ఆదివారం తెరిచే బార్ ఏదైనా ఉందా అని అడిగేటప్పుడు "ఆయ్ అల్గూన్ బార్ కె ఆబ్రా లోస్ దొమింగోస్?" అంటాము. ఉందని చెప్పేవారు "సీ, ఆయ్ ఉనో కె ఆబ్రె" అంటారు, లేదని చెప్పేవారు "నో ఆయ్ నింగూనో కె ఆబ్రా" అంటారు. బార్ దొరికిన క్షణంలో "ఆబ్రా" కాస్తా "ఆబ్రె" అయిపోవడం ఎంత అందంగా ఉందో! వాక్యం పలికే ముందు, ఆ వస్తువును వేలుపెట్టి చూపించగలనా అని నన్ను నేను అడుగుతున్నాను.

"అప్పుడు" అనే అర్థంలో వాడే "క్వాందో" దగ్గర మాత్రం ఇంకా తడబడుతున్నాను. మన "చేరినప్పుడు" జరిగినదానికీ, జరగబోయేదానికీ ఒకటే. స్పానిష్‌లో రోజూ ఇంటికి చేరగానే భోంచేస్తానంటే "క్వాందో యేగో ఆ కాసా, థేనో". రేపు చేరగానే ఫోన్ చెయ్యమంటే "క్వాందో యేగెస్, యామమె". ఇక్కడ నేను భవిష్యత్తు కదా అని "యేగరాస్" అంటూ వచ్చాను, అది తప్పు. ఎప్పుడు వస్తావని సూటిగా అడిగే ప్రశ్నలో మాత్రం ఆ రూపం చెల్లుతుంది.

"అయినా" అనే అర్థమిచ్చే "అవున్కె" విషయంలో తెలుగు బాగా ఆదుకుంది. "వాన పడుతున్నా వెళ్తాను" అన్నప్పుడు వాన కళ్లెదుట ఉంది కనుక "అవున్కె యువేబె" అనీ, "వాన పడినా వెళ్తాను" అన్నప్పుడు "అవున్కె యువేబా" అనీ రాసుకున్నాను. అయితే ఈ పోలిక కొంతవరకే పనికొస్తుంది. ఎదుటివారికి తెలిసిన సంగతినే ఒప్పుకుంటూ, దాన్ని లెక్కచేయనని చెప్పేటప్పుడు, వాన కురుస్తూ ఉన్నా స్పెయిన్‌వారు "యువేబా" అనగలరు.