రూట్ చేసిన ఫోన్లు, మార్చిన గేమ్ క్లయింట్లు: మా పజిల్ గేమ్‌లో నా అనుభవం

నేను సర్వర్ పని చూసే గేమ్‌లో గడులు జరిపి మూడు రంగులు కలపాలి. లెవెల్ అయిపోగానే ఫోన్‌లోని గేమ్, అంటే క్లయింట్, "ఇంత స్కోరు వచ్చింది, ఇన్ని నాణేలు ఇవ్వు" అని పంపేది, సర్వర్ ఇచ్చేసేది. రక్షణగా ఉన్నదల్లా యాప్‌లోని రూట్ చెక్ ఒక్కటే, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం వచ్చేలా దాన్ని మార్చారా అని చూసే కోడ్. అది `su` ఫైలు ఉందా, రూట్ చేయడానికి వాడే మ్యాజిస్క్ ప్యాకేజీ ఉందా అని వెతికి, ఉంటే గేమ్ ఆపేది.

లీడర్‌బోర్డు పైవరుసలో ఆ లెవెల్లో సాధ్యం కాని స్కోర్లు కనిపించాక ఒక టెస్ట్ ఫోన్‌ను నేనే రూట్ చేసి చూశాను. మ్యాజిస్క్ తన పేరు మార్చుకుని దాక్కోగలదు. నడుస్తున్న యాప్ కోడ్‌ను మార్చే ఫ్రిడా అనే సాధనంతో ఆ చెక్ ఫంక్షన్‌ను పట్టుకుని ఎప్పుడూ `false` ఇచ్చేలా చేయడం కూడా తేలికే. ఫోన్ యజమాని చేతిలో ఉన్న కోడ్ చెప్పే జవాబును యజమానే మార్చగలడు, కాబట్టి ఇలాంటి చెక్‌లు ఎన్ని కలిపినా ఫలితం ఇంతే.

అందుకే యాప్, ఫోన్ నమ్మదగినవా అని గూగుల్ తీర్పు చెప్పే ప్లే ఇంటెగ్రిటీని పెట్టాం. ఇందులో తీర్పు గూగుల్ నుంచి ఎన్‌క్రిప్ట్ చేసిన టోకెన్‌గా వస్తుంది, దాన్ని మన సర్వర్ గూగుల్ ద్వారా విప్పించి చూస్తుంది. టోకెన్ అడిగేటప్పుడు పంపబోయే డేటా నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తును, అంటే హ్యాష్‌ను, `requestHash`లో పెడతాం. సర్వర్ తనకు అందిన డేటాతో అదే హ్యాష్ మళ్లీ లెక్కగట్టి పోలుస్తుంది. ఈ పోలిక లేకపోతే ఒక శుభ్రమైన ఫోన్‌లో తీసుకున్న టోకెన్‌ను వేరే రిక్వెస్ట్‌కు తగిలించి పంపేయవచ్చు.

తీర్పును చదవడంలో ఒక మెలిక ఉంది. యాప్ సంతకం ప్లేలో ఉన్నదానితో సరిపోకపోతే `UNRECOGNIZED_VERSION` వస్తుంది. క్లయింట్‌ను మార్చారనడానికి ఇది గట్టి ఆనవాలు, కానీ వేరే కీతో సంతకం చేసిన మన సొంత టెస్ట్ బిల్డ్‌కూ ఇదే వస్తుంది. `UNEVALUATED` సంగతి వేరు. ఫోన్ మీద తగినంత నమ్మకం లేక యాప్‌ను అసలు పరిశీలించలేదని దాని అర్థం. కస్టమ్ ROM వేసుకుని నిజాయితీగా ఆడేవాళ్లకూ ఇది రావచ్చు. అందుకే తీర్పు చూసి ఎవరినీ బ్యాన్ చేయకూడదని పట్టుబట్టాను. అనుమానం ఉన్న ఖాతాను లీడర్‌బోర్డు నుంచి తప్పించి, ఆడుకోవడానికి వదిలేస్తాం.

అసలు మార్పు నాణేల దగ్గర జరిగింది. ఇప్పుడు లెవెల్ మొదలయ్యేటప్పుడు సర్వర్ ఒక మ్యాచ్ ఐడీ, ఒక సీడ్ ఇస్తుంది. సీడ్ అంటే యాదృచ్ఛిక లెక్కకు మొదలుగా వాడే సంఖ్య, గడులన్నీ దాని నుంచే పుడతాయి. ఆట ముగిశాక క్లయింట్ స్కోరు పంపదు, జరిపిన ఎత్తులు మాత్రమే పంపుతుంది:

```json
{"matchId":"m81","moves":[[3,4,"R"],[3,5,"U"]]}
```

సర్వర్ అదే సీడ్‌తో ఆటను మొదటి నుంచి మళ్లీ ఆడి, తనకు వచ్చిన స్కోరుకే నాణేలు ఇస్తుంది. మెమరీలో స్కోరును తొమ్మిది లక్షలు చేసుకున్నా అది ఆ ఫోన్ తెర మీదే ఉండిపోతుంది. ఒక మ్యాచ్ ఐడీకి బహుమతి ఒక్కసారే, కాబట్టి అదే రిక్వెస్ట్‌ను మళ్లీ పంపినా ఏమీ రాదు.

దీన్ని వెంటనే అమలు చేయకుండా, కొన్నాళ్లు వెనకాల లెక్క మాత్రమే వేయించి తేడాలను లాగ్‌లో రాయించాం. ఆ జాగ్రత్త ఎంత అవసరమో త్వరలోనే తెలిసింది. మా టెస్టర్లు మామూలు ఫోన్లలో ఆడిన ఆటల్లోనూ ఒక్క పాయింటు తేడా వస్తోంది, అదీ బోనస్ గడి పేలిన ఆటల్లోనే. బోనస్ గుణకం 1.15. క్లయింట్ 32 బిట్ల ఫ్లోట్‌లో 100ను 1.15తో గుణిస్తే సరిగ్గా 115 వస్తుంది. సర్వర్ 64 బిట్ల డబుల్‌లో గుణిస్తే 114.99999999999999 వస్తుంది, దశాంశాలు కత్తిరించాక 114 మిగులుతుంది. రెండు వైపులా 115తో గుణించి 100తో భాగించే పూర్ణాంక లెక్కకు మార్చాక ఆ తేడాలు పోయాయి. మిగిలినవి పాత వెర్షన్ యాప్‌ల నుంచి వచ్చాయి, వాటిలో నియమాలు వేరు. ఏ నియమాలతో ఆడారో మ్యాచ్ మొదలైనప్పుడే రాసి ఉంచడంతో అవీ తీరాయి. ఇవి సరిచేయకుండా శిక్షలు మొదలుపెట్టి ఉంటే తప్పు చేయనివాళ్లే ముందు బలయ్యేవారు.

ఈ పద్ధతికీ ఒక హద్దు ఉంది. సీడ్ క్లయింట్ చేతిలో ఉంది కాబట్టి, రాబోయే గడులను ముందే లెక్కగట్టి మంచి ఎత్తులు వెతికే ప్రోగ్రామ్ రాయవచ్చు. ఆ ఎత్తులన్నీ నియమాల ప్రకారమే ఉంటాయి కాబట్టి సర్వర్‌కు తప్పేమీ కనిపించదు. అందుకే టోర్నమెంట్లలో సీడ్ ఇవ్వడం మానేశాం. ప్రతి ఎత్తు తర్వాత పడే కొత్త గడులను అప్పటికప్పుడు సర్వర్ పంపుతుంది. నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకు ఆ ఆలస్యం తెలుస్తుంది, కాబట్టి మామూలు లెవెళ్లలో సీడ్ పద్ధతినే ఉంచాం.