నా పళ్ళ ఫోటోలు, వాటిలో కనపడని పన్ను: అలైనర్స్ కోసం వెళ్ళిన నా అనుభవం

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ పక్కన ఊరు. ఫ్లోరైడ్ నీళ్ళ గురించి మా వైపు వాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు, నా చిన్నప్పుడు మేం తాగింది బోరు నీళ్ళే, కృష్ణా నీళ్ళు నల్లాల్లోకి వచ్చేసరికి నా పళ్ళు రావడం, వాటి మీద గోధుమ రంగు చారలు పడడం అన్నీ అయిపోయాయి. పైగా ముందు పళ్ళు కొంచెం ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో జాబ్, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, అందుకే ఆన్‌లైన్‌లో అలైనర్స్, అంటే పళ్ళ వరస సరిచేసే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు చేసే వాళ్ళకి అప్లై చేశాను. వాళ్ళు ఫోటోలు అడిగారు, కింద "మీ సమస్య మీ మాటల్లో రాయండి" అని ఒక బాక్స్ ఇచ్చారు. ఈ పోస్ట్ అంతా ఆ బాక్స్ గురించే అనుకోండి.

ఫస్ట్ రోజు రాత్రి బాత్రూమ్‌లో పసుపు బల్బు కింద సెల్ఫీ తీసి "ఫ్లోరోసిస్ వల్ల పళ్ళు రంగు మారాయి, ఎడమ ముందు పన్ను ఎక్కువ మారింది, ముందు రెండు పళ్ళ మధ్య గీత పక్కకి జరిగింది" అని రాసేశాను. పంపేముందు ఎందుకో మా పెద్దమ్మ కూతురికి చూపించాను, అక్క బీడీఎస్ చేసి ప్రాక్టీస్ చేస్తుంది. వెంటనే ఫోన్ చేసింది.

"ఏందిరా ఇది, ఫోటోల కనపడేది రాయమంటే రోగం పేరు రాసినవ్? ఫ్లోరోసిస్ అని నీకెవరు చెప్పిన్రు?"

"మనూర్ల అందరికీ అదే కదక్కా."

"అందరికీ ఉంటే నీ ప్రతి పన్నుకి అదే ఉండాల్నా? ముందు ఫోటోలు మంచిగ తీసి పంపు."

అక్క చెప్పినట్టు పొద్దున పదింటికి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన నిలబడి, తమ్ముడి చేత మీటర్ దూరం నుంచి వెనక కెమెరాతో కొంచెం జూమ్ చేసి తీయించాను. సెల్ఫీ దగ్గర నుంచి తీస్తే ముందు పళ్ళు ఉన్నదానికన్నా పెద్దగా, పక్క పళ్ళు వెనక్కి పోయినట్టు వస్తాయట. బల్బు పసుపుగా ఉంటే పళ్ళూ పసుపుగానే వస్తాయి. ఫోటోలో పక్కన ఒక తెల్ల కాగితం కూడా పెట్టమంది, కాగితమే పసుపుగా కనిపిస్తే ఇక పంటి రంగు గురించి మాట్లాడొద్దు అని. నోరు తెరుచుకుని ఎక్కువసేపు ఉంటే పన్ను ఆరిపోయి ఇంకా తెల్లగా కనిపిస్తుంది, మచ్చలు కూడా ఎక్కువ తేలతాయి, అందుకే నాలుకతో తడి చేసుకుని వెంటనే తీయాలి. చివర్లో తెలిసిందేంటంటే నా ఫోన్ సెల్ఫీని అద్దంలో లాగా తిప్పి సేవ్ చేస్తుంది, నేను "ఎడమ" అని రాసిన పన్ను అసలు నా కుడి పన్ను!

తర్వాత అక్క ఒక్కో పన్ను చూసి ఏం కనిపిస్తే అది రాయమంది, కారణం రాయొద్దంది. నేను రాసింది ఇది: "పై ముందు రెండు పళ్ళలో కుడిది ఎడమదాని మీదికి కొద్దిగా ఎక్కింది. పై ఆరు పళ్ళ మీద అడ్డంగా తెల్ల, గోధుమ చారలు ఉన్నాయి, కుడి వైపు ఎట్లా ఉన్నాయో ఎడమ వైపు దాదాపు అట్లాగే ఉన్నాయి. కుడి ముందు పన్ను మాత్రం చారలు కాకుండా, చిగురు నుంచి అంచు దాకా మొత్తం బూడిద రంగులో ఉంది, దాని జత పన్ను అట్లా లేదు. కింది పళ్ళ మధ్య సందుల్లో గోధుమ రంగు ఉంది. కింది మధ్య గీత పై గీతకి కుడి పక్కన ఉంది."

రాస్తుంటేనే నాకు తేడా తెలిసింది. ఫ్లోరోసిస్ అనేది పన్ను బయటికి రాకముందు, దవడ లోపల తయారయ్యే టైంలో పడేది, రెండు వైపులా ఒకే టైంలో తయారయ్యే జత పళ్ళకి ఒకే రకంగా పడుతుంది. ఒక్క పన్నే మొత్తం బూడిద రంగులోకి మారి, జత పన్ను మారలేదంటే దాని కథ వేరే ఉండొచ్చు. ఇన్నేళ్ళూ రోజూ అద్దంలో చూసుకున్నా ఆ తేడా గమనించలేదు, మన ఊరి పళ్ళు అంతే అనుకుని వదిలేశాను. "ఇది ఫోటోతో తేలేది కాదురా, అలైనర్లు తర్వాత, ముందు కుర్చీల కూర్చో" అంది అక్క.

క్లినిక్‌లో డాక్టర్ గారు ఫోటోలు, నా రాత చూసి, ఫస్ట్ ఆ కుడి పన్ను మీదే పని పెట్టారు. "చిన్నప్పుడు దెబ్బ ఏమైనా తగిలిందా?" అని అడిగితే లేదన్నాను, తర్వాత గుర్తొచ్చింది, ఎనిమిదో క్లాసులో సైకిల్ మీంచి పడి హ్యాండిల్ మూతికి తగిలింది, రెండు రోజులు నొప్పి ఉండి తగ్గిపోయింది. దూది ఉండని బాగా చల్లగా చేసి పక్క పళ్ళకి ఆనిస్తే సెకనులో జివ్వుమంది, ఆ పన్నుకి ఆనిస్తే ఏమీ తెలియలేదు. తర్వాత ఎక్స్‌రే తీస్తే వేరు కొన దగ్గర గుండ్రంగా నల్లటి నీడ ఉంది. లోపల నరం ఎప్పుడో చచ్చిపోయి, వేరు కింద ఇన్ఫెక్షన్ చేరి ఉందన్నారు. నొప్పి లేదు, వాపు లేదు, నవ్వే ఫోటోలో వేరు కనపడే చాన్సే లేదు.

మధ్య గీత సంగతి ఇంకో రకం. డాక్టర్ గారు ఫ్లాస్ దారం ఒకటి నుదురు నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా పట్టుకుని చూశారు, పై గీత ముఖానికి సరిగ్గా మధ్యలోనే ఉంది. మొదటి సెల్ఫీలో నా తల వాలి ఉంది కాబట్టి అది జరిగినట్టు అనిపించింది. కింది గీత మాత్రం నిజంగానే కుడికి పోయింది, కానీ పళ్ళ వల్ల కాదు. "మెల్లగా నోరు మూయండి, పళ్ళు తగలగానే ఆపండి" అన్నారు, ఆపాను, అప్పుడు రెండు గీతలూ కలిసే ఉన్నాయట. పూర్తిగా కొరకమంటే కింది దవడ కుడి పక్కకి జారింది. లోపల కుడి వైపు ఒక పై పన్ను కింది పన్నుకి లోపలి పక్క కూర్చుంటోంది, దాన్ని తప్పించుకోడానికి దవడ జరుగుతోంది. ఫోటో నోరు మూసేశాక తీసింది, ఆ జారడం అందులో ఎట్లా వస్తుంది? నవ్వితే ఆ పన్ను పెదవి వెనకే ఉండిపోతుంది కూడా.

పన్నుకి, చిగురుకి మధ్య సందు లోతు సన్నటి కొలత పుల్లతో ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల కొలిచారు, మూడు మిల్లీమీటర్లు దాటలేదు, అది మాత్రం హాయిగా అనిపించింది. క్లీనింగ్ చేస్తే కింది పళ్ళ సందుల్లో గోధుమ రంగు మొత్తం పోయింది, అది టీ మరకట. పై చారలు పోలేదు, అవి ఎనామిల్‌లోనే ఉన్నాయి కాబట్టి క్లీనింగ్‌కి పోవు, వాటికి వేరే ట్రీట్‌మెంట్లు ఉన్నాయన్నారు. ఫోటోలో రెండూ ఒకే రంగు, నేనైతే రెండింటికీ ఒకటే పేరు పెట్టేవాడిని.

కాబట్టి అలైనర్స్ ఆపేశాను. వేరు కింద ఇన్ఫెక్షన్ ఉండగా ఆ పన్నుని జరపకూడదు, ముందు రూట్ కెనాల్, నీడ తగ్గుతుందో లేదో కొన్ని నెలలకి మళ్ళీ ఎక్స్‌రే, దవడ జారడానికి ఏం చేయాలో పళ్ళ వరస సరిచేసే డాక్టర్, అంటే ఆర్థోడాంటిస్ట్, చూశాక ప్లాన్. ఆ బూడిద రంగు పోవడానికి పన్ను లోపలి నుంచి తెల్లబరిచే పద్ధతి ఉందట, అది ఆఖర్లో.

రూట్ కెనాల్ అయిపోయిన మర్నాడు అదే కిటికీ దగ్గర, అదే పదింటికి, తెల్ల కాగితం పెట్టి తమ్ముడితో మళ్ళీ ఫోటో తీయించి పాతదాని పక్కన పెట్టి అక్కకి పంపాను. రెండింటికీ ఏ తేడా లేదు, పన్ను అదే బూడిద రంగులో ఉంది.